పైన ఒక గంట, కింద అయిదు గంటలు

మా బట్టల కొట్టు పక్కనే ధనలక్ష్మి డీటీపీ సెంటర్. పెళ్లి కార్డు, ఫ్లెక్సీ, అర్జీ, ఏది కావాలన్నా నరసన్నపేట జనం ఇరవై ఏళ్లుగా ఆవిడ దగ్గరికే వెళ్తారు. నోరు మాత్రం మహా చెడ్డది. ఏ కాగితమైనా పూర్తిగా చదివి, నచ్చకపోతే తిట్టిగానీ టైపు చెయ్యదు. గుమ్మం ముందు చెప్పుల దగ్గర్నుంచి కరెంటు తీగ దాకా నాకూ ఆవిడకూ రోజూ తగువే. అలాంటి మనిషి గురించి నేను మంచి చెప్పాల్సి రావడం నా ఖర్మ.

మొన్న అమ్మవారి ఊరేగింపు సాయంత్రం నాలుగింటికి బయల్దేరింది. ఆరుముప్పావుకి నా ఫోన్‌కి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే బిందు ఫేస్‌బుక్‌లో పెట్టిందట: "ఈ పిచ్చి ఊరేగింపుతో రోడ్డంతా పెంట. ఈ జనానికి బుద్ధి రాదు." నాకు ఒళ్లు మండిపోయింది. వర్తకుల గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. నాలుగు వందల మందికీ పంపేశాను.

తెల్లారేసరికి స్కూలు గేటు ముందు జనం. బిందు మొగుడు హడలిపోయి ఆమె పోస్టులన్నీ తీసేసి, ట్రాష్‌లోంచి కూడా చెరిపేశాడు. తప్పు చేసింది కాబట్టే తీసేసిందని ఊరు తేల్చేసింది. పది గంటలకు స్కూలు కరస్పాండెంటు ఉమాపతి, వెనకే ఏడుస్తూ బిందు, డీటీపీ సెంటర్‌కి వచ్చారు. తమాషా చూద్దామని నేనూ వెళ్లాను.

"ఈ టీచర్ని తీసేస్తన్నామని లెటరు కొట్టమ్మా," అన్నాడు ఉమాపతి.

"దేనికి తీసేస్తన్నావు? ఆ ఫొటో సూపించు." ఆయన ఫోన్‌లోది చేతులు మారి మారి అలికేసినట్టుంది. ధనలక్ష్మి నా వైపు తిరిగింది. "నరసింగరావు బావా, ఊరంతా పంచింది నువ్వే కదేటి. నీకు మొదట వొచ్చింది నా కంప్యూటర్‌కి పంపు."

నలుగురిలో ఆ మాట అనేసరికి నా తల కొట్టేసినట్టయింది. పంపాను.

ఆవిడ దాన్ని తెర నిండా పెద్దది చేసింది. ఉమాపతి తొందరపడి, "ఈ అచ్చరాలు నా ఫోన్లో ఫేస్‌బుక్ తీస్తే కనిపించేలా లేవు. దొంగదేటి?" అన్నాడు.

"నోరు ముయ్. ఫోను ఫోనుకీ అచ్చరం మారతాది, అది సాచ్చికం కాదు. కానీ ఒకే ఫోన్లో, ఒకే పేజీలో, పోస్టుకి ఒక రకం అచ్చరం, కామెంట్లకి ఇంకో రకం అచ్చరం ఎలాగొస్తాది? ఇంకా సూడు. ఫోను మీద టైము ఆరూ నలభై. పోస్టు పెట్టి ఒక గంటంట. దాని కింద కామెంటు పెట్టి అయిదు గంటలంట! పుట్టని బిడ్డకి బారసాల సేసేసినారేటి?"

ఆ కామెంటులో "శుభాకాంక్షలు టీచర్ గారూ" అని ఉంది. ఊరేగింపును తిట్టినందుకే మెచ్చుకున్నారని రాత్రంతా మా గ్రూపులో బూతులు తిట్టాం.

బిందు కళ్లు తుడుచుకుంది. "మజ్జానం ఒంటిగంటన్నరకి పెట్టానండి. మా పిల్లలకి సైన్సు ఫేర్‌లో ప్రైజొచ్చిందని."

"అదీ సంగతి. ఆ పోస్టుని ఫొటో తీసి, దాంట్లో మాటలు మార్చేసి, ఊరేగింపు తరవాత పెట్టినట్టు పైన గంట మార్చినాడు. కింద కామెంట్లకి మార్చడం మర్సిపోయినాడు ఎదవ." ధనలక్ష్మి పేరు కింద ఉన్న చిన్న గుర్తు మీద వేలు పెట్టింది. "అందరికీ కనిపించే పోస్టుకి భూగోళం బొమ్మ ఉంటాది. ఇక్కడ ఇద్దరు మనుసుల బొమ్మ ఉన్నాది. ఫ్రెండ్స్‌కే కనిపిస్తాది. నీకెంతమంది ఉన్నారే?"

"పదకొండు మంది. ఇంట్లోవాళ్లు నలుగురు. మిగిలిన ఏడుగురూ మా స్టాఫ్‌రూములో వాళ్లే." చెబుతూనే బిందు ఏడుపు ఆపేసింది.

ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా. రేపొచ్చేయి."

"రానండి. రేపు పక్కన కూకుని అన్నం తినేవాళ్లలో ఈ పని చేసింది ఎవరని అనుకోవాలి? ధనలక్ష్మిగారూ, ఆ లెటరు నేనే మానేస్తన్నట్టు కొట్టండి."

ధనలక్ష్మికి కోపంతో ముఖం కందిపోయింది. కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి నన్ను అడిగింది. "బావా, ఇది నీకెవడు పంపినాడు? ఆ పేరు సెప్పు. ఈ పిల్ల ఎందుకు మానాలి?"

జేబులో ఫోన్ తీసి చూసుకున్నాను. ఇంకొకరి దగ్గర్నుంచి వచ్చినదాన్ని ఫార్వార్డ్ చేస్తే పైన 'ఫార్వార్డెడ్' అని ఉంటుంది. దీని మీద లేదు, అంటే పంపినవాళ్ల ఫోన్లోనే పుట్టింది. పంపింది పింకీ, మా అక్క కూతురు. అదే స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆ ఏడుగురిలో ఒకతె.

"ఎవరో తెలీని నంబరు. అప్పుడే డిలీట్ సేసీసినాను," అన్నాను.

ధనలక్ష్మి తిట్టుకుంటూనే లెటరు కొట్టి ఇచ్చింది. అసలు ఫొటో ఇచ్చినందుకు బిందు నాకు దండం పెట్టి, ఆ కాగితం మీద సంతకం చేసింది.