ఫోటోలో బూడిద మరక

కోట ఊళ్లో మా ఫోటో స్టూడియోకి ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే: "పిక్సెల్స్ పెంచన్నా." నాకు ఒళ్లు మండేది. లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చి పెంచను?

ఆ రోజు ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల నాన్న పోయాడు. ఆదివారం ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక, చర్చిలో పెట్టడానికి పెద్ద ఫోటో కావాలి. పెళ్లి ఫోటో తుఫాను నీళ్లలో పోయిందట, భార్యాభర్తలు కలిసి దిగింది అదొక్కటేనట. ఇక మిగిలింది ఈ పిల్ల ఫోన్లో తీసినదే. పొద్దున్నే మంచులో, ఆయన పడవ పక్కన నిలబడి ఉన్నాడు. అంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. దాన్ని అప్పటికే వేరే షాపులో ఏదో యాప్‌తో నాలుగింతలు చేయించారు. యాప్ తనకు తోచిన కళ్లు పెట్టి ఇచ్చింది.

"ఈయన ఎవురో నాకు తెలీదబ్బయా. చర్చిలో ఈ మొహం ముందు నేనెట్టా కూర్చునేది?" అంది తల్లి.

ఆ మాటకు నా కోపం దిగిపోయింది. "పిక్సెల్ ఒక్కటి కూడా పెంచనమ్మా, కూర్చోండి," అన్నాను.

యాప్ ముట్టని, పిల్ల ఫోన్లోని అసలు ఫోటోనే తెరిచాను. మంచు వల్ల అందులో సిసలైన నలుపూ లేదు, తెలుపూ లేదు, అన్నీ మధ్యరకం బూడిద రంగులే. వెలుగునీడల్ని దిద్దే కర్వ్ గీత రెండు కొసలూ లోపలికి జరిపి మధ్యలో నిటారు చేసేసరికి ఆ రంగులు ఒకదానికొకటి ఎడంగా జరిగాయి. తర్వాత లోకల్ కాంట్రాస్ట్: రేడియస్, అంటే అది పనిచేసే మేర, బాగా పెద్దది, మోతాదు కొంచెం. చుట్టుపక్కల కంటే ముదురుగా ఉన్నచోటు ఇంకాస్త ముదురుతుంది, లేతగా ఉన్నచోటు ఇంకాస్త తేలుతుంది. కొత్త చుక్క ఒక్కటి చేరదు, కంటికి మాత్రం పదునుగా తోస్తుంది. మీసం విడిగా కనబడింది. నాకు హుషారొచ్చి మోతాదు పెంచాను. ముడతలన్నీ గీతలు కోసినట్టు తేలాయి.

"అంత కోపిష్టి కాదబ్బయా ఆయన."

ముఖం మీద మోతాదు తగ్గించాను.

"ఆఁ, ఇప్పుడు మా ఆయనే," అంది. హమ్మయ్య అనుకున్నాను.

"అన్నా, నాన్న భుజం ఎనకాల ఆ మరక తీసేయవా," అంది కూతురు. నేనూ మంచేననుకున్నాను. తీసేయాలంటే అంచు తెలియాలి కదా, అక్కడ మాత్రం కర్వ్‌ను ఇంకా నిటారు చేశాను. మరకకు భుజం వచ్చింది. తర్వాత కొంగు. కొంగు పక్కన చేతిలో క్యారియరు.

తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నేనే. సద్ది తీసకపోయినా ఆ పొద్దు."

కూతురు నా వైపు చూసింది. మౌస్ వదిలేశాను.

"చర్చికి ఆయన్నొక్కణ్ణే ఇయ్యబ్బయా," అంది తల్లి, తెర మీంచి చూపు తిప్పకుండా. "మేమిద్దరం ఉండేది ఇంట్లో పెట్టుకుంటా."