బావగారి నెంబరు మీద వచ్చిన బిల్లు

యంత్రం లారీ దిగిన రోజున దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాను. బిల్లు మాత్రం చూడలేదు. మాకు ఫోను చేసి దారి కనుక్కుని వచ్చిన డ్రైవరు చేతికిచ్చిన కవరును అమ్మవారి పటం దగ్గర పెట్టి, పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళందరికీ బెల్లం ముక్కలు పంచాను. మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్. పప్పును పొట్టు వదులయ్యేదాకా ఆరబెట్టే ఆ స్టీలు యంత్రం కోసం బ్యాంకులో నా పేరు మీద అప్పు తీసుకున్నాం. డబ్బు నా చేతికి రాలేదు. బ్యాంకువారే విశాఖపట్నంలోని అమ్మకందారుకు నేరుగా పంపారు. దాని బదులుగా వాళ్ళకు కావలసింది ఒక్కటే, నా పేరున, నా నెంబరుతో, మా యూనిట్ చిరునామాతో పన్ను బిల్లు.

మూడో రోజు ఉదయం దీపం పెట్టాక కవరు తీశాను. మా నాన్నగారు టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు జబ్బు వల్ల నేను బడికి వెళ్ళలేకపోతే, ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఏ కాగితమైనా వేలు పెట్టి అక్షరం అక్షరం చదవాలి అనేవారు. ఆయన పుణ్యమా అని ఆ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. సంస్థ పేరు సరిగ్గానే ఉంది. యంత్రం పేరు, ధర, పన్ను, అన్నీ సరే. జీఎస్టీ నెంబరు దగ్గర వేలు ఆగింది. మొదటి రెండంకెలు ముప్పై ఏడు, మన రాష్ట్రానివి. ఆ తర్వాత అక్షరాలు నావి కావు. కింద చిరునామా చూశాను. వజ్రపుకొత్తూరు మండలంలోని మా అత్తవారి ఊరు.

అది మా బావగారి నెంబరు.

అక్కడే పీట మీద కూర్చున్నాను. ఆరేళ్ళ కిందట మా ఆయనా బావగారూ, అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డారు. తోటలు పంచుకున్నారు, బాణళ్ళు పంచుకున్నారు, చివరికి కాటా కూడా పంచుకున్నారు. ఒక్క అమ్మవారి పేరు మాత్రం పంచుకోలేకపోయారు. ఇంటి దేవత పేరు తీసేస్తే అరిష్టమని ఇద్దరూ భయపడ్డారు. ఆ పేరుతోనే ఆయన ఊళ్ళో, మేము కాశీబుగ్గలో, వేరువేరు రిజిస్ట్రేషన్లు తీసుకున్నాం. మా వ్యాపారం నా పేరు మీద ఉంది. ఉమ్మడిగా ఉన్న రోజుల్లో ఇదే అమ్మకందారు దగ్గర ఒక పాత యంత్రం కొన్నాం. అప్పటి లెక్కంతా బావగారి పేరునే ఉండేది. ఈసారి వాళ్ళు ధరల కాగితం పంపినప్పుడు పైన అమ్మవారి పేరు చూసి, కళ్ళకద్దుకుని సంతకం పెట్టేశాను. కింద నెంబరు చదవలేదు. నాన్నగారు నేర్పినది ఆ ఒక్క పూట మరిచిపోయాను.

నా భర్త బిల్లును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ తర్వాత, "అంటే మన మిషను అన్నదైపోయిందేటి?" అన్నారు.

"కాగితం ప్రకారం అంతే" అన్నాను.

బ్యాంకులో అప్పుల పని చూసే ఆయనకు ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు. ఆ మర్యాదే నన్ను ఇంకా భయపెట్టింది. "అమ్మా, డబ్బు మీ పేరున ఇచ్చాం. యంత్రం వేరే వాళ్ళ పేరున, వేరే ఊళ్ళో ఉన్నట్టు బిల్లుంది. పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి? వచ్చేవారం యూనిట్ చూడటానికి వస్తాను. ఆలోగా సరైన బిల్లు లేకపోతే అప్పు వెనక్కి కట్టమని రాయాల్సి వస్తుంది."

వెనక్కి కట్టడానికి మా దగ్గర ఏముంది? యంత్రం అమ్మితే తప్ప లేదు.

ఆడిటరుగారి గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. అతను నా మాటల్నే ఇంగ్లీషులో పెట్టి ఉత్తరం రాశాడు. ఫలానా బిల్లులో నెంబరూ చిరునామా తప్పుపడ్డాయి, సరైనవి ఇవి, మా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు జతపరిచాం, అసలు బిల్లు కొరియరులో తిప్పి పంపుతున్నాం, సరిచేసిన పన్ను బిల్లు పంపగలరు అని. మెయిలు వెళ్ళిన గంటకు నేనే ఫోను చేశాను. విశాఖలో లెక్కలు చూసే ఆయన ఎత్తారు.

"మేడమ్, మా కంప్యూటర్లో ఆ పేరు కొట్టగానే పాత పార్టీ వచ్చేసిందండి. అయినా కొటేషన్ మీద మీరే సంతకం పెట్టారు కదా."

"పెట్టాను బాబూ. తప్పు నాదీ ఉంది. ఇప్పుడు మార్చండి, మీకు పుణ్యముంటుంది."

"ఇంకా జీఎస్టీ రిటర్ను వెయ్యలేదు కాబట్టి మార్చొచ్చు. పదకొండో తేదీకి వేసేస్తాం. అది దాటితే ఈ బిల్లు మీ నెంబరు మీదికి ఈ నెల రాదు, వచ్చే నెల రిటర్నులో సవరణ చూపించాలి. కానీ ఒకటండీ. అవతలి పార్టీ నుంచి ఒక కాగితం కావాలి. సరుకు వాళ్ళకు రాలేదని, ఈ బిల్లు మీది పన్నును వాళ్ళు తమ లెక్కలో జమ తీసుకోరని. అది లేకుండా మా సారు ఒప్పుకోరు."

అది ప్రభుత్వం పెట్టిన రూలు కాదట, వాళ్ళ జాగ్రత్తట. గుమాస్తా తర్వాత చెప్పాడు. కానీ వాళ్ళ జాగ్రత్తే అప్పుడు నాకు రూలు. ఆరోజు ఎనిమిదో తేదీ.

"నువ్వే ఎల్లు" అన్నారు నా భర్త. "నానెల్తే మాటా మాటా పెరిగిపోద్ది."

వెళ్ళడం చిన్న విషయం కాదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్ళయినా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడి ఎరగను. వేరుపడ్డాక ఆ గడపే తొక్కలేదు. ఆటోలో కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్తుంటే, సముద్రపు గాలికి నోరు ఎండిపోతుంటే, అమ్మవారిని ఒకటే అడిగాను. ఆయన కాదంటే కాదననీ తల్లీ, నన్ను మాత్రం అవమానించి పంపకుండా చూడు అని.

తోటికోడలు వాకిట్లో కొబ్బరి పీచు ఎత్తుతోంది. నన్ను చూసి చీపురు కింద పడేసింది.

"ఏటమ్మీ, దారి తప్పినావేటి?"

"పని పడిందక్కా."

"పని పడితేగాని అక్క గుర్తుకు రాదు" అంది గాని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది. ఆ చెయ్యికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బావగారు అరుగు మీద ఉన్నారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. మధ్యలో గడప మీద అక్క. మా ముగ్గురి మధ్య మూడు మూరల దూరం కూడా లేదు. అయినా ఆయన వీధి వైపు చూస్తూ, "ఏటంట?" అని అక్కనడిగారు. నేను అక్కకు చెప్పాను. నేను చెప్పింది ఆయనకు వినిపిస్తూనే ఉంది. అయినా అక్క మళ్ళీ చెప్పింది, సగం తప్పుగా.

"బ్యాంకోళ్ళు మిషను మనకి రాసేసినారంట, ఇప్పుడు తిరిగి ఇమ్మంటన్నారంట."

"కాదక్కా, బ్యాంకువారు కాదు..."

"అమ్మోరి పేరు సాల్లేదేటి, ఇప్పుడు నా నెంబరు కూడా కావాలా?" అన్నారాయన వీధి వైపే చూస్తూ. "సంతకాలెట్టీ పని నాకు సెప్పొద్దను. పంపకాలప్పుడు ఎట్టిన సంతకానికే ఇప్పటిదాకా ఏడుత్తన్నాను."

అక్క నా వైపు తిరిగి, "ఎట్టరంట" అంది.

పదకొండో తేదీ, బ్యాంకాయన మర్యాద గొంతు, యూనిట్లో కొత్త యంత్రం ముందు కూర్చుని పొట్టు తీస్తున్న ఆడవాళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. చేతిలో బిల్లు నకలుంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అక్కకు కాదు, గోడకు కాదు, ఆయనకు. సంస్థ పేరు. ఊరు. మండలం. తర్వాత నెంబరు, మూడు, ఏడు, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె, పదిహేనూ. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అరుగు మీద కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి లోపలికి వచ్చారు. నేను తల దించుకుని పక్కకు తప్పుకున్నాను. గోడ మీద ఆయన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అద్దం కట్టించి వేలాడదీసి ఉంది. దాని ముందు నిలబడి, "మల్లీ సదవమను" అన్నారు. అక్క చెప్పేదాకా ఆగలేదు నేను. మళ్ళీ చదివాను. ఆయన అద్దం మీద వేలు జరుపుతూ వచ్చారు. చివరి అక్షరం దగ్గర వేలు అలాగే ఉండిపోయింది.

"ఓలమ్మ" అన్నారు నెమ్మదిగా. "ఈ మిషను నా నెత్తిమీద పడిందన్నమాట. రేపు పన్నులోళ్ళొచ్చి కొన్నావు గదా, సూపించు అంటే నానేటి సూపిత్తాను? కొబ్బరి పీచు సూపిత్తానా?"

అంతవరకు నా భయం ఒక్కటే నాకు తెలుసు. ఆయన మొహంలోనూ అదే ఉందని అప్పుడు చూశాను. అక్కకు నవ్వొచ్చింది గాని, నోట్లో చెంగు కుక్కుకుంది.

కాగితం గుమాస్తా ముందే రాసి ఇచ్చాడు. ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. "జమ తీసుకోం" అన్న దగ్గర ఆపి, "తీసుకోలేదు అని కూడా రాయి" అన్నారు. ఎవరితో అన్నారో తెలియలేదు. అక్కకు రాయడం రాదు. నేనే తలుపు చాటునుంచి బయటకు వచ్చి, నేల మీద కూర్చుని ఆ మాట రాశాను. ఆయన సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఆరేదాకా ఊదారు. కాగితం నా ముందు పెట్టి, "ఇంకెప్పుడూ నెంబరు సూడకుండా సంతకం ఎట్టకమ్మా" అన్నారు. నాతో. నేరుగా. నేను "అలాగేనండి" అన్నాను.

ఆ కాగితం ఫొటో ఆ సాయంత్రమే విశాఖ వెళ్ళింది, అసలుది మర్నాడు పాత బిల్లుతో కలిపి కొరియరులో వెళ్ళింది. తొమ్మిదో తేదీ గడిచింది, జవాబు లేదు. పదో తేదీన నేను అన్నం తినలేదు. ఉపవాసం అనుకోండి, భయం అనుకోండి, ఆ రోజు రెండింటికీ తేడా లేదు. సాయంత్రం దీపాల వేళకు ఫోను మోగింది. సరిచేసిన బిల్లు. అదే బిల్లు నెంబరు, అదే తేదీ, కొనేవారి దగ్గర నా నెంబరు, కాశీబుగ్గ చిరునామా. నాలుగుసార్లు చదివినా నమ్మకం కుదరక, పొట్టు తీసే ఆడవాళ్ళలో చదువు వచ్చిన ఒకామె చేత చదివించి, నేను సర్టిఫికెట్ పట్టుకుని సరిచూశాను. విశాఖ ఆయనకు ఫోను చేసి దణ్ణం పెట్టుకున్నానని చెప్పాను. ఆయన ఇబ్బందిపడి, "రిటర్నులో కూడా మీ నెంబరుతోనే ఎక్కిస్తాం మేడమ్" అన్నారు. పద్నాలుగో తేదీ దాటాక, ఆ బిల్లు మా నెంబరు కింద ఎక్కిందని ఆడిటరుగారి గుమాస్తా కంప్యూటర్లో చూపించేదాకా ఆ మాట కూడా నేను పూర్తిగా నమ్మలేదు.

బ్యాంకాయన చెప్పినట్టే వచ్చారు. బిల్లు మీది చిరునామా, గుమ్మం మీది బోర్డు, నా సర్టిఫికెట్, మూడూ పక్కపక్కన పెట్టి చూశారు. యంత్రం చుట్టూ తిరిగి, దాని మీది నెంబరు రాసుకుని, ఫొటో తీశారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను, ఆయన పెన్ను ఎక్కడ ఆగుతుందోనని.

"సరిపోయిందమ్మా" అన్నారు చివరికి. "ఒక పెయింటరును పిలిపించి దీని మీద కనబడేలా బ్యాంకుకు తనఖా అని రాయించండి."

కాగితం మీద యంత్రం నాదై అప్పటికి ఆరు రోజులే అయింది. ఎర్ర అక్షరాలతో బ్యాంకు పేరు రాస్తున్న పెయింటరుకు నేనే మజ్జిగ కలిపి ఇచ్చాను. అతను ప్రతి అక్షరం రాసే ముందూ నేను చీటీ ఎత్తి చూపిస్తుంటే విసుక్కుని, "నాకు సదువొచ్చమ్మా, ఎల్లి కూకో" అన్నాడు. నేను మాత్రం వెళ్ళలేదు.