ధూంధాం పిక్కలు

ఉద్యమం రోజుల్లో మా చిన్నమ్మ కొడుకు పొద్దున కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగెత్తేవాడు, సాయంత్రం తెలంగాణ కోసం గంతులేసేవాడు. నర్మెట్టలో గానీ పాలకుర్తిలో గానీ ఆటపాటల ధూంధాం సభ పెడితే గజ్జెలు కట్టుకొని ముందుగా వేదిక ఎక్కేది వాడే. పాట అయిపోయేదాకా మునివేళ్ల మీదే ఎగిరేవాడు. మర్నాడు జనగామ కాలేజీ గ్రౌండులో ఆఖరి చుట్టుకు వచ్చేసరికి పిక్క రాయిలా బిగుసుకుపోయి, "అవ్వా!" అని కూలబడేవాడు. వయసు ప్రకారం వాడికి ఆ ఏటి పరీక్షే చివరి అవకాశం. పరుగు పోతే ఉద్యోగం పోయినట్టే.

లైబ్రరీలో ఆరోగ్యం పుస్తకాల అల్మారా మొత్తం చదివినవాణ్ని కనుక వైద్యం నేను మొదలుపెట్టాను. చెమటతో ఉప్పు పోవడమే కారణమని ఒక పాత పుస్తకంలో ఉంది. ఉప్పేసిన నిమ్మరసం, అరటిపళ్లు పెట్టించాను. పిక్క మాత్రం మాట వినలేదు.

"అన్నా, గిట్లనే ఉప్పు, నిమ్మకాయ పోస్తే నేను తొక్కు పచ్చడి అయిత గని కానిస్టేబుల్ గాను."

"డాక్టర్ సాబ్, ఇంకో పుస్తకం సూడు బిడ్డా," అంది చిన్నమ్మ.

చూశాను. కొత్త పుస్తకం వేరేలా చెప్పింది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదట. ఉప్పు, నీళ్ల లోటు కొందరిలో తోడవుతుందేమో గానీ, ఎక్కువగా అనుమానించేది అలసటనే. అలసిన కండరానికి బిగుసుకోమనే సంకేతాలు పెరిగి, వాటిని అదుపు చేసేవి తగ్గుతాయట. అలవాటుకు మించిన వేగంతో పరుగెత్తినా ఇబ్బందేనట. మావాడు మొదటి చుట్టునే ఆఖరి చుట్టులా ఉరికేవాడు, అదీ ముందురోజు గంతులేసిన కాళ్లతో.

"గజ్జెలు ఇప్పు తమ్మీ," అన్నాను.

"తెలంగాణ అచ్చేదాక ఇప్ప."

"నువ్వు ఎగురకుంటె తెలంగాణ ఆగుతదారా?" అంది చిన్నమ్మ. "కూసోని కోరస్ పాడు."

మూతి ముడుచుకునే పాడాడు. పొద్దున నెమ్మదిగా మొదలుపెట్టి, రోజురోజుకు కొంచెం దూరం పెంచాడు. పిక్క పట్టేస్తే మోకాలు చాపి, కాలివేళ్లను మెల్లగా తనవైపు లాగి, సడలేదాకా పట్టుకోవడం నేర్పాను. నిలబడి ఉన్నప్పుడైతే మడమ నేలకు ఆనించమన్నాను.

పరీక్ష వరంగల్‌లో. నేను కంచె బయట ఉన్నాను. ఆఖరి చుట్టులో వాడు కుంటడం కనిపించింది.

"మడిమె ఆనియ్యి! మడిమె!" అని అరిచాను.

పక్కకు జరిగి, ఆ కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనించి ముందుకు వంగాడు. ఇద్దరు ముగ్గురు దాటిపోయారు. పిక్క వదిలింది. వాడు కదిలాడు, కంచె వెంట నేనూ ఉరికాను, అరుస్తూనే. గీత దాటేసరికి ఇంకా సమయం మిగిలే ఉంది. వాడు గెలిచాడు. నేను పిక్క పట్టేసి కూలబడ్డాను.

వాడు రొప్పుతూ బయటికొచ్చి నా ముందు కూర్చున్నాడు. నా బూటు విప్పి, కాలివేళ్లను పైకి లాగి పట్టుకున్నాడు.

"అలవాటు లేనోడు ఉరకద్దని ఏ పేజీల ఉన్నదన్నా?"

"యాదికి లేదురా. మెల్లగ గుంజు!"

"ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు తేవాల్నా?"