నాలుగు బెంచీల గ్రూపు

పూతరేకు చూస్తే నాకు ఇప్పటికీ వెగటు. కోనసీమలో పుట్టి ఈ మాట అంటున్నందుకు మా ఇంట్లో నన్ను వింతగా చూస్తారు. నిజానికి తప్పు పూతరేకుది కాదు. ఒక పెద్దమనిషి మీసాలకు అంటుకున్న బెల్లంపొడి ఉంది చూడండి, అది నా కళ్లలోంచి పోవడం లేదు.

అప్పటికి నేను రాజోలు వైపు ఒక ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. చెబుతున్నాను అనడం కూడా ఎక్కువే. ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ ఎంత తొందరగా నొక్కాలో పిల్లలకు నేర్పుతున్నాను, అంతే. ఎమ్మెస్సీలో ప్రాణంగా చదువుకున్న ఆల్జీబ్రా ట్రంకుపెట్టెలో బట్టల కింద పడి ఉంది. అలాంటప్పుడు అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్ పోస్టు పడింది. ఫైనలియర్ బీయస్సీకి గ్రూప్ థియరీ చెప్పాలట. ఆ ఉద్యోగం నాకు కావాలి. జీతం కోసం కాదు, అక్కడా ఇక్కడా ఒకటే జీతం. మళ్లీ నాకు తెలిసిన విద్య చెప్పుకుని బతకాలని ఉంది.

ఇంటర్వ్యూ అంటే డెమో క్లాసు. క్లాసు వెనక రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో కాలేజీ కరస్పాండెంటు. ఐ.పోలవరం వైపు ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. ఎవరో ఫోన్ చేస్తుంటే "ఏరేటర్లు ఆపకండ్రా, రొయ్యలకి గాలాడదు" అని నా క్లాసులోనే అరుస్తున్నాడు. రెండోదాంట్లో సబ్జెక్టు ఎక్స్‌పర్టు. రిటైరైన లెక్చరరు. అందరూ పెద్దమాస్టారనే పిలుస్తారు. ఆ కాలేజీలో పరీక్షలు వాళ్లే పెట్టుకుంటారు. ఆ పేపరు ఆయనే తయారుచేస్తారు, ఆయనే దిద్దుతారు, దానికి గైడు కూడా ఆయనే రాశారు. ప్రతి బెంచీ మీదా అదే గైడు. టెక్స్టుబుక్కు ఒక్కరి దగ్గరా లేదు. ఆయన ముందు పళ్లెంలో పూతరేకులు పెట్టారు.

"కోషియెంట్ గ్రూపు చెప్పండమ్మా. పిల్లలకి భయం అది" అన్నారు, నోట్లోది మింగకుండానే.

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలు దేనికి భయపడతారో నాకు తెలుసు. చేసేది కూడికే. కానీ దేన్ని దేంతో కూడుతున్నారో వాళ్లకు ఎవరూ చూపించరు. అందుకని బోర్డు జోలికి పోలేదు. పన్నెండు మందిని లేపి సున్నా నుంచి పదకొండు దాకా నంబర్లిచ్చాను. కూడిక గడియారంలాగే, పన్నెండు వచ్చినా దాటినా పన్నెండు తీసెయ్యాలి. ఇక్కడిదాకా వాళ్లకు తెలిసిందే. సున్నా, నాలుగు, ఎనిమిది నంబర్ల వాళ్లని మొదటి బెంచీలో కూర్చోబెట్టాను. ఈ ముగ్గురూ తమలో తాము ఎంత కూడుకున్నా తమలోనే ఉంటారు కాబట్టి ఇది సబ్‌గ్రూపు, పేరు H. ఆ ముగ్గురికీ ఒకటి కలిపితే ఒకటి, అయిదు, తొమ్మిది. వాళ్లది రెండో బెంచీ. రెండు కలిపితే రెండు, ఆరు, పది. మూడు కలిపితే మూడు, ఏడు, పదకొండు. అందరికీ చోటు దొరికింది. ఎవరూ రెండు బెంచీల్లో లేరు.

"ఇప్పుడు మనుషుల్ని మర్చిపోండి. కొత్త గ్రూపులో ఉన్నవి నాలుగే నాలుగు. ఈ నాలుగు బెంచీలు. మూలకం అంటే బెంచీ, అందులో కూర్చున్న ముగ్గురూ కలిసి. వాటినే కోసెట్లంటారు."

"మరి బెంచీలని ఎలా కూడతామండీ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఓడలరేవు పిల్ల. వాళ్ల నాన్న సముద్రంలో చేపల వేటకు వెళతాడని తర్వాత తెలిసింది. ఆమె నంబరు ఆరు.

అడగాల్సిన ప్రశ్న అదే. "మీ బెంచీ నుంచి ఎవరో ఒకరు రండి, ఆ చివరి బెంచీ నుంచి ఎవరో ఒకరు రండి" అన్నాను. రెండో నంబరు, మూడో నంబరు వచ్చారు. మొత్తం అయిదు. అయిదు ఎక్కడుంది? రెండో బెంచీలో. వాళ్లను పంపేసి ఇంకో ఇద్దర్ని పిలిచాను. పది, ఏడు. పదిహేడు, పన్నెండు తీస్తే అయిదే. ఇంకో ఇద్దరు. ఆరు, ఏడు. పదమూడు, అంటే ఒకటి. ఒకటీ ఆ రెండో బెంచీలోనే ఉంది. మనుషులు మారారు, మొత్తాలూ మారాయి, జవాబు బెంచీ మాత్రం మారలేదు. క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. "మళ్లీ మళ్లీ" అని వాళ్లే లేచి జతలు కట్టి చూసుకున్నారు. ఏ బెంచీకి ఎవరు ప్రతినిధిగా వచ్చినా ఫలితం ఒకటే రావాలి, అలా రాకపోతే ఆ కూడికకి అర్థమే లేదు అని చెప్పాను. అయిదు ప్లస్ H అని రాసినా, తొమ్మిది ప్లస్ H అని రాసినా అది ఆ రెండో బెంచీయే అన్నాను. ఆ పది నిమిషాలు ఎంత సంతోషంగా గడిచాయో నాకే తెలుసు.

ఆఖర్న అడిగాను. "రెండు ప్లస్ H ఆర్డర్ ఎంత?" ఆర్డర్ అంటే, దాన్నే ఎన్నిసార్లు తీసుకుని కూడితే, కలిపినా ఏమీ మార్చని ఆ మొదటి బెంచీకి చేరతామో ఆ లెక్క.

అందరూ గైడులు తెరిచారు. ఓడలరేవు పిల్ల మాత్రం తన బెంచీ వైపు చూసుకుంది. రెండూ రెండూ నాలుగు, ఆరూ పదీ పదహారు, మళ్లీ నాలుగే, పదీ పదీ ఇరవై అంటే ఎనిమిది అని వేళ్ల మీద చూసుకుని, "రెండండి. రెండుసార్లకే మొదటి బెంచీకి వచ్చేసేం" అంది.

"తప్పు" అని వెనకనుంచి పెద్దమాస్టారి గొంతు వినిపించింది. "ఆరు."

గైడులో అచ్చంగా ఆరనే ఉంది. ఎలా వచ్చిందో నాకు అర్థమైంది. పన్నెండు మందిలో రెండు అనే మనిషి సున్నాకి చేరాలంటే ఆరుసార్లు పడుతుంది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది, సున్నా. ఆయన ఆ మనిషి ఆర్డర్ తెచ్చి బెంచీకి అంటించారు.

"మాస్టారూ, రెండు ప్లస్ H ని రెండుసార్లు తీసుకుంటే నాలుగు ప్లస్ H వస్తుంది కదండీ. అది H ఏ కదండీ" అన్నాను.

"నాలుగు సున్నా ఎలా అవుద్దమ్మా? చిన్నపిల్లలు కూడా నవ్వుతారు."

"నాలుగు సున్నా అవ్వదండి. నాలుగు కూర్చున్న బెంచీ, సున్నా కూర్చున్న బెంచీ ఒకటేనండి. మనం లెక్కపెడుతోంది బెంచీల్ని. అసలు నాలుగే ఉన్న గ్రూపులో ఆర్డర్ ఆరు ఎక్కడినుంచి వస్తుందండీ? నాలుగుని అది భాగించాలి కదా?"

ఆయన నా మాట విన్నారు. అర్థం కూడా అయింది. అర్థమైన సంగతి ఆయన మొహంలో నాకు కనిపించింది, నాకు రోత పుట్టింది కూడా అక్కడే. తెలియక తప్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు. ఆయన లేచి ముందుకొచ్చి, మీసాల మీద బెల్లంపొడి తుడుచుకుని, ఆ వేళ్లను డస్టరుకి రాసి, ఆ పిల్లతో "నువ్వు నిలబడు. గైడు చదవకుండా క్లాసుకొచ్చేవా?" అన్నారు. పిల్ల నిలబడింది.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచారు. గొంతు తగ్గించి ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"బాగా చెప్పేరమ్మా. ఉద్యోగం మీదే. కరస్పాండెంటుగారికి కూడా చెప్పేను. ఒక్కసారి లోపలికెళ్లి, ఆరే కరెక్టని పిల్లలకి అనేసి రండి. ఇన్నేళ్లబట్టీ అందరూ ఆరే రాస్తున్నారు. ఇప్పుడు రెండంటే గైడు మాటేంటి, నా మాటేంటి?"

"మళ్లీ అచ్చేయించినప్పుడు దిద్దుకోవచ్చు కదండీ మాస్టారూ."

"మీకు ఉద్యోగం కావాలా, రెండు కావాలా?" అని నవ్వారు. పళ్ల సందుల్లో పూతరేకు పొర ఒకటి అతుక్కుని ఉంది. ఒక మనిషి అబద్ధాన్ని అంత తీపిగా, అంత తీరిగ్గా చెప్పించుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. కరస్పాండెంటు దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. ఆయన ఫోన్ చెవినుంచి తియ్యకుండా, "రెండో ఆరో మీరూ మీరూ చూసుకోండి మేడమ్. మాకు గొడవలొద్దండి" అన్నాడు.

క్లాసులోకి వెళ్లాను. పిల్ల ఇంకా నిలబడే ఉంది. "కూర్చో తల్లీ. నువ్వు చెప్పిందే కరెక్టు. రెండు ప్లస్ H ఆర్డర్ రెండే" అని చెప్పి, సుద్దముక్క బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. రాజోలు బస్సెక్కాక ఏడుపొచ్చింది. బాధతో వచ్చింది కాదు, ఒళ్లు మండి వచ్చింది. ఆ పోస్టు ఇంకెవరికో వెళ్లిందని వారంలోనే తెలిసింది. నేను మళ్లీ ఆప్షన్లు నొక్కించే పనిలో పడ్డాను. ఉద్యోగం పోయినా, ఒక పిల్లకైనా నిజం నిలబెట్టి వచ్చానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ ఒక్క మాట మీదే ఆ సంవత్సరం గడిపాను.

మొన్న వేసవిలో అమలాపురం బస్టాండులో ఆ పిల్ల కనబడింది. తనే గుర్తుపట్టి పరుగున వచ్చింది. బీయస్సీ అయిపోయిందట. ఎమ్మెస్సీ సీటు కోసం చూస్తూ, జూనియర్లకు ఇంటి దగ్గర లెక్కలు చెబుతోందట.

"మేడమ్, మీరు అడిగిన లెక్కే పరీక్షలో వచ్చిందండి! రెండు ప్లస్ H ఆర్డర్."

నా గుండె పొంగింది. "ఏం రాశావ్?"

"ఆరండి." ఏ జంకూ లేకుండా చెప్పింది. "దిద్దేది పెద్దమాస్టారే కదండీ. ఫుల్ మార్కులేసేరు."

ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వాళ్ల నాన్న సముద్రం మీద తెచ్చిన ఫీజుతో చదువుకుంది, మార్కులు వదులుకోమని నేనెలా అనగలను? చివరికి, "మరి జూనియర్లకి ఏం చెబుతున్నావమ్మా?" అన్నాను.

"ఆయ్, మీరు చెప్పినట్టేనండి. బెంచీల్లో కూర్చోబెట్టే చెప్తున్నాను. రెండేనని అందరికీ బాగా అర్థమవుద్దండి" అంది సంబరంగా. ఓడలరేవు ఆటో కదులుతుంటే సంచీ సర్దుకుని ఎక్కుతూ చెప్పింది. "అర్థమయ్యేక, పరీక్షలో మాత్రం ఆరు రాయమని చెప్తానండి."