రాజరత్నం చేతి మీది నాలుగక్షరాలు

మార్కాపురం బస్టాండు వెనక ఏబేలు పచ్చబొట్టు దుకాణంలో చైనా అక్షరాలు వేయించుకోవడం అంత సులువు కాదు. "ఎవరు చదివి చెప్పినారు?" అన్నది అతని మొదటి ప్రశ్న. ఫోన్లో చూశామంటే, "ఫోను కాదు, ఆ భాష వచ్చిన మనిషి చెప్పాల" అంటాడు. ఈ చాదస్తం ఊరికే రాలేదు. దుకాణం పెట్టిన కొత్తలో అతని గోడకు ఒక పటం ఉండేది, ఇంగ్లీషు అక్షరం ఒక్కోదాని కింద ఒక్కో చైనా గుర్తుతో. దాన్ని చూసి పదకొండు మందికి పేర్లు పొడిచాడు. చైనా భాషకు అట్లాంటి అక్షరమాలే లేదని, ఆ పటం ఎవరో అల్లిన బూటకమని తర్వాత తెలిసింది. పటం చించేసి, పదకొండు ఇళ్లకూ వెళ్లి చెప్పి వచ్చాడు. ఇద్దరు కొట్టబోయారు. కొట్టినా తప్పు లేదని నేనంటాను.

రాజరత్నం పలకల ఫ్యాక్టరీలో పలకలు ఏరుతుంది. ఆమె కొడుకు గిద్యోను అదే ఫ్యాక్టరీలో, చైనాకు పోయే చెక్కపెట్టెల మీద రంగుతో అక్షరాలు అద్దేవాడు. రేకు కోసి అచ్చు తయారు చేసుకున్నది కూడా అతనే. ఏందిరా ఇదని తల్లి అడిగితే, "నీ పేరేనమ్మా, చైనాకు పంపుతున్నా" అని నవ్వాడట. గిద్దలూరు రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. రెండు నెలలైంది.

ఇదంతా ఆమె దుకాణానికి వచ్చి, పక్కింటి సంగతి చెప్పినట్టు ఏబేలుకు చెప్పి, ఒక కాగితం ముందు పెట్టింది.

"నా బిడ్డ రాసిన నా పేరు. చేతి మీద వేయి నాయనా."

కాగితం మీద నాలుగక్షరాలున్నాయి. ఏబేలు ఫోను కెమెరా పెట్టాడు. అర్థం లేని మాటలేవో వచ్చాయి.

"ఎట్ల గీసినావు పెద్దమ్మా దీన్ని?"

"రేకు మీద కాగితం పెట్టి గీసినా. ఒక పక్కంతా రంగు గడ్డకట్టింది. రెండో పక్క శుభ్రంగా ఉందని దాని మీద పెట్టినా."

శుభ్రంగా ఉన్నది రేకు వెనక పక్క. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. అట్లాగే పొడిచి ఉంటే ఆ తప్పు ఆమెతోనే మట్టిలోకి పోయేది.

మర్నాడు ఆమె రేకే తెచ్చింది. ఏబేలు రంగు పక్క ఫొటో తీసి, చైనాలో డాక్టరీ చదివి వచ్చిన గిద్దలూరు అమ్మాయి తులసికి పంపాడు. ఇందులో ఏముందని మాత్రమే అడిగాడు. ఫలానా అని చెప్తే వినేవాళ్లకు అదే కనబడుతుందని అతని భయం. తులసి చదివి, అక్కడి తన క్లాసు స్నేహితురాలికీ పంపి, రూఢి చేసుకొని ఫోన్ చేసింది.

"పేరు కాదన్నా. ఎవరి పేరూ కాదు."

రాజరత్నం బల్ల మీదే కూర్చొని ఉంది. ఏబేలు ఫోను పక్కన పెట్టాడు. ఈ మాట చెప్పడం పదకొండు ఇళ్లకు వెళ్లడం కన్నా కష్టమైంది అతనికి.

"పెద్దమ్మా, ఇది నీ పేరు కాదంట."

"మరి ఏమని ఉంది?"

"సరుకు పెట్టెల మీద రాస్తారంట. జాగ్రత్త, మెల్లగా దించండి అని."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. రేకు తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. ఇక లేచి పోతుందనుకున్నాడు ఏబేలు.

"వాణ్ణి గుంటలోకి దించేటప్పుడు ఒక తాడు జారింది. తలకాయ ఉన్న పక్క. పెట్టె దబ్బున పడింది" అంది. "మెల్లగా దించండి నాయనా అందామనుకున్నా. నోరు పెగల్లేదు. ఏడుపూ రాలేదు. అప్పటి నుంచి ఇట్లనే ఉండా."

ఆమె చెయ్యి చాపింది.

"వేయి."

"నీ పేరు కాదు గదా పెద్దమ్మా."

"తెలిసింది గదా. వాడు రాసిందే వేయి."

గీతలు మరీ దగ్గరైతే కొన్నేళ్లకు సిరా పాకి ముద్దవుతాయని, అక్షరాలు కాస్త పెద్దవిగా గీశాడు. చేతి మీద అచ్చు దింపాక, సూది పెట్టకముందు మళ్లీ ఫొటో తీసి తులసికి పంపాడు. ఒక్క చుక్క కూడా తప్పిపోలేదని, వరస సరిగ్గా ఉందని, తిరగబడలేదని ఆమె చెప్పింది.

అప్పుడు మిషను ఆన్ చేశాడు. మొదటి గీతకే ఆమె చెయ్యి ఉలిక్కిపడింది.

"మెల్లగా నాయనా," అంది రాజరత్నం. "మెల్లగా. మెల్లగా దించండి నా బిడ్డను."

ఏబేలు మిషను ఆపి, ఆమె ఏడుపు అయ్యేదాకా ఆ చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు.