ఐదు లెక్కపెట్టాక చెప్పే జవాబు

నంద్యాలలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం వీడియోలు కత్తిరించి బతుకుతుంటాను. కోచింగ్ సెంటర్ల పాఠాలు నాకు అన్నం పెడతాయి. ఫోన్లలో నిమిషం లోపు చూసేసే క్విజ్ షార్టులు మాత్రం అక్కా నేనూ సరదాకి మొదలుపెట్టుకున్నవి. అక్క ఆళ్లగడ్డలో హైస్కూలు సోషల్ టీచరు. ప్రశ్నలు ఆమెవి, గొంతు ఆమెది. కూర్చుని అతికించడం, ఆమె చేత తిట్లు తినడం నా వంతు.

ఆ షార్టులో పెద్ద రహస్యమేమీ లేదు. ప్రశ్న మొదటి క్షణం నుంచి చివరిదాకా తెర మీద కనబడాలి. బొటనవేలితో పైకి తోసేసే జనానికి ఓపిక తక్కువ, ప్రశ్న వెంటనే కనబడకపోతే పోతారు. అడుగున వీడియో పేరు, కుడిపక్కన గుండె గుర్తూ వచ్చి కప్పేస్తాయి కాబట్టి ఆ చోట్లు వదిలి అక్షరాలు పెట్టాలి. కింద మూడు జవాబులు. అక్క ప్రశ్న చదివాక ఐదు, నాలుగు, మూడు అంటూ అంకెలు దిగుతాయి, వాటి చుట్టూ ఉన్న గీత కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. గీత అయిపోయాక సరైన జవాబు పచ్చబడుతుంది, అక్క దాన్ని పైకి చెబుతుంది, వీడియో ముగిసి మళ్ళీ మొదటికి వస్తుంది. జవాబు ముందే చూపిస్తే ఎవడూ ఆగడు. రెప్పపాటు మాత్రమే చూపిస్తే చదవలేక మళ్ళీ చూస్తారు, అలా చూసే కొద్దీ ఆ వీడియో ఇంకా పదిమందికి పోతుంది. నా కన్ను ఆ రెప్పపాటు మీదే ఉండేది. అక్క ఒప్పుకోలేదు.

"పిల్లోల్లు చదువుకునేంత సేపన్నా పెట్రా. జవాబు దాచిపెట్టుకోని ఏం జేసుకుంటావ్?" అనింది.

అంకెలు దిగేటప్పుడు టిక్కుటిక్కుమనే చప్పుడు కూడా ఆమె పెట్టించిందే. వాళ్ళింటి ఎదుట శిల్పుల షెడ్డు ఉంది. పొద్దుగూకేదాకా రాతి మీద ఉలి దెబ్బలు పడుతూనే ఉంటాయి. "ఊరికే వస్తాంది గదా, ఇదే పెట్టు" అనింది. ఆ ఉలి దెబ్బలు ఐదు పడి ఆగగానే ఆమె గొంతు వచ్చేది. "కర్నూలు. కూర్చో." "తుంగభద్ర. కూర్చో." తరగతిలో లేచి నిలబడి సరైన జవాబు చెప్పిన పిల్లలకు ఆమె ఇచ్చే మెప్పు ఆ ఒక్క మాటే. శభాష్ అనడం ఆమెకు రాదు. నంద్యాల హాస్టళ్లలో పిల్లలు ఒకరినొకరు "కూర్చో" అని ఏడిపించుకునేవాళ్ళు. అది విని నాకు భలే గర్వంగా ఉండేది, నేనే ఏదో కనిపెట్టినట్టు.

ఒకరోజు పొద్దున పొయ్యి దగ్గర అక్క చేతిలో గ్లాసు జారింది. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. చెయ్యి కొన్ని నెలల్లో చాలావరకు దారికొచ్చింది. మాట రాలేదు. మనం చెప్పింది అంతా అర్థమవుతుంది. చెంచా చూపిస్తే అదేమిటో తెలుసు, దాంతో ఏం చేస్తారో చేత్తో చేసి చూపిస్తుంది, నోరు తెరిస్తే మాత్రం ఆ పేరు దొరకదు. అంత గడగడా మాట్లాడే మనిషి ఒక పేరు కోసం నోట్లో వెతుక్కుంటుంటే చూడలేక నేను గోడల వంక చూసేవాణ్ణి.

బడికి సెలవు పెట్టి ఉంది. ఒక సాయంత్రం ఆమె తన చాక్‌పీసుల డబ్బా తెచ్చి బావ చేతిలో పెట్టి, బడి వైపు చూపించింది. ఇచ్చేసి రమ్మని. మాట లేని టీచరు టీచరే కాదని ఆమె తీర్మానం చేసేసుకుంది. బావ సేద్యగాడు, ఎక్కువ మాట్లాడడు. డబ్బా తీసుకుని బయటికి పోయాడు.

మరుసటి వారం నేను వెళ్ళినప్పుడు ఆయనే నన్ను పక్కకు పిలిచాడు. "ఏమప్పా, అక్క గొంతు నీ కాడ బోలెడు ఉండాది గదా. కంప్యూటర్‌కు నేర్పిస్తే అది మాట్లాడదా?"

"మాట్లాడుతాది బావా" అన్నాను. నాకూ అదే ఆలోచన ఉంది. నంద్యాల వచ్చి పాత రికార్డింగులన్నీ పెట్టి, అక్క ఎన్నడూ అడగని ప్రశ్న ఒకటి అక్క గొంతుతో తయారుచేశాను. అచ్చం అక్కే. చివర్లో "కూర్చో" కూడా ఉంది. గంట సేపు బస్సులో కూర్చుని పోయి ఎంతో మురిపెంగా వినిపించాను. అక్క మొత్తం వింది. విని, ఫోను మంచం మీద బోర్లా పెట్టి, వంటింట్లోకి పోయింది. ఆ రోజు నాకు అన్నం కూడా బావే పెట్టాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. బావ అక్కను నంద్యాల తీసుకొచ్చిన రోజు, అక్కడ ఆమెకు మాట నేర్పించే మేడమ్ మీద అది చూపించాను. ఇన్ని రోజులైనా ఒక్క మాట రాలేదేమిటన్నాను. ఆమె నన్ను పట్టించుకోకుండా అక్క వైపు తిరిగి, "ఒకటి..." అని ఆగింది.

"రెండు, మూడు, నాలుగు, ఐదు" అనింది అక్క. స్పష్టంగా, క్లాసులో అన్నట్టు.

బావ తల తిప్పుకొని, టవలుతో మొహం తుడుచుకున్నాడు. చిన్నప్పటి నుంచి వరసగా అని అని నాలుకకు అలవాటైనవి కొందరిలో మిగిలి ఉంటాయని, అంకెలు, వారాల పేర్లు అలాంటివని మేడమ్ చెప్పింది. అంకెలనే మాట వినగానే నాకు వెలిగింది. మా షార్టులో ఉండేది కూడా అంకెలే కదా! మళ్ళీ అక్కే లెక్కపెడుతుంది!

ఉత్సాహం ఒక పూట కూడా నిలవలేదు. మా అంకెలు వెనక్కి దిగుతాయి. అక్క "ఐదు" అనగానే నేను నాలుగు వేళ్ళు చూపిస్తాను, ఆమె "ఆరు, ఏడు" అంటూ పోతుంది. పోయి, తప్పని తెలిసి, తనే తల కొట్టుకుంటుంది. వెనక్కి లెక్కపెట్టాలంటే ఆలోచించాలి, అది నాలుక అలవాటు కాదని మేడమ్ తేల్చేసింది. సరే, అక్కను మార్చలేకపోతే షార్టునే మారుద్దామనుకున్నాను. తెర మీద అంకెలు తీసేశాను. గీత కరుగుతూనే ఉంటుంది, అక్క గొంతు ఒకటి నుంచి ఐదు దాకా ఎక్కుతుంది. గీత అయిపోయిందంటే టైము అయిపోయినట్టే, చూసేవాళ్ళకు అది చాలు.

మరి జవాబు? అది అలవాటుగా వచ్చే మాట కాదు. ఐదు తర్వాత ఆమెకు ఆరే వస్తుంది. "వాక్యం నువ్వు మొదలుపెట్టి చివరి మాట ఆమెకు వదిలేయ్" అంది మేడమ్. "వదిలేసినాక నోరు మూసుకో. నువ్వు అందించొద్దు. అదే నీకు కష్టం."

ప్రశ్న అక్కే ఎంచుకుంది. గోడ మీది రాష్ట్ర పటంలో నంద్యాల దగ్గర కుందూ మీద వేలు పెట్టి, అది పారే దారంతా కిందికి గీసి, చివర ఆగి నా వంక చూసింది. మాట లేకుండానే ప్రశ్న అడిగేసింది. నేను టైపు చేశాను: కుందూ నది ఏ నదిలో కలుస్తుంది? కృష్ణ, పెన్న, తుంగభద్ర.

శిల్పులు భోజనానికి లేచిన వేళ చూసుకుని రికార్డింగు పెట్టాం. నేను ప్రశ్న చదివాను. అక్క లెక్కపెట్టింది. ఐదు అనగానే ఆమెను ఆరు వైపు పోనీయకుండా నేను అందుకున్నాను. "కుందూ పోయి కలిసేది..."

అక్క పెదవులు రెండూ కలిశాయి. ప అనడానికి కలిశాయని తెలుస్తూనే ఉంది. విడిపోయాయి, గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ కలిశాయి. నా నోట్లో ఆ రెండు అక్షరాలు ఉడుకు అన్నంలా కాలుతున్నాయి. బావ గడప పట్టుకుని నిలబడ్డాడు. ఎదుట షెడ్డులోకి ఎవరో తిరిగొచ్చి రాతి మీద మొదటి దెబ్బ వేశారు.

"పెన్న" అనింది అక్క.

తర్వాత "కూర్చో" కోసం కూడా చూశాను. అది రాలేదు. ఆమెకు నీళ్ళిచ్చి, చాలు అన్నాను. నిజంగానే చాలనుకున్నాను.

నంద్యాల వచ్చి నా పని నేను చేశాను. ఐదుకూ పెన్నకూ మధ్య ఉన్న ఖాళీ మొత్తం కత్తిరించి పారేశాను. ఐదు, పెన్న, పచ్చరంగు. ఎంత చక్కగా వచ్చిందో! తీసుకుపోయి చూపిస్తే అక్క అడ్డంగా తల ఊపింది. ఖాళీ ఉండాల్సిన చోట వీడియో ఆపి, తెర మీద వేలితో తట్టింది.

"అంతసేపు ఎవరు ఆగుతారక్కా? పోతారు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఆమె నన్ను వదిలేసి ఎదురుగా ఉన్న ఖాళీ చాప వైపు తిరిగింది. వేలితో ఇక్కడొకటి, అక్కడొకటి చూపిస్తూ, "ఒకటి... రెండు... మూడు..." అనింది. నాకు అర్థం కాలేదు.

"పిల్లోల్లప్పా" అన్నాడు బావ. "క్లాసులో పిల్లోల్లను లెక్కపెడతాంది. ఆళ్ళు చెప్పల్ల గదా. అంతవరకూ ఆగమంటాంది."

ఆమె బావ వంక చూసి అవునని తల ఊపింది. ఆ ఖాళీ తన కోసం కాదు. జవాబు తనకు దొరికేలోపు పిల్లలు అరిచి చెబుతారు. ఆమె ఇంకా క్లాసులోనే ఉంది, నేను కత్తెర పట్టుకుని బయట కూర్చున్నాను. ఖాళీ మొత్తం తిరిగి పెట్టాను. గీత కరిగిపోయాక కూడా ప్రశ్న అలాగే ఉంటుంది, ఏమీ జరగదు, దూరంగా ఉలి దెబ్బ ఒకటి పడుతుంది, అక్క పెన్న అన్న క్షణానే పెన్న పచ్చబడుతుంది, కాసేపు నిలిచి అయిపోతుంది. ఇంత చెడ్డ షార్టు నా చేత్తో ఎప్పుడూ పెట్టలేదు.

నేను చెప్పినట్టే ఆ ఖాళీలో చాలామంది వెళ్ళిపోయారు. ఎంతమంది ఎందాకా చూశారో ఫోనులో చూపించే గీత కొండ దిగినట్టు దిగింది. దిగి, ఒకచోట ఆగి, చివరిదాకా తిన్నగా సాగింది. ఎవరో కొంతమంది కదలకుండా ఉన్నారు.

వాళ్ళెవరో మరుసటి రోజు ఆళ్లగడ్డలో తెలిసింది. గడప దగ్గర నిలబడి బావ నా ఫోనులో కామెంట్లు పైకి చదువుతున్నాడు. అక్క చాప మీద చిక్కుళ్ళు వలుస్తోంది. అక్క బడి పిల్లలే, ఒకరి కింద ఒకరు పెన్న, పెన్న, పెన్న అని పెట్టారు. చివర్లో ఒకటి కొంచెం పొడుగ్గా ఉంది. బావ కూడబలుక్కుని చదివాడు.

"మేడమ్, మేం ఎప్పుడో చెప్పేసినాం. మీరే లేటు. ఇంగా నిలబడుకోనే ఉండాం."

అక్క నవ్వింది. నవ్వుతూనే తలెత్తింది. లెక్క లేదు, నేను వాక్యం మొదలుపెట్టలేదు, ఎవరూ ఏమీ అందించలేదు.

"కూర్చో" అనింది.

గడప దగ్గర నిలబడిన బావ అక్కడికక్కడే కూర్చున్నాడు. కొంచెం సేపయ్యాక లేచి, ఎరువుల బస్తాల వెనక నుంచి చాక్‌పీసుల డబ్బా తెచ్చి చిక్కుళ్ళ చేట పక్కన పెట్టాడు. ఇన్నాళ్లూ దాన్ని బడికి ఇవ్వనే లేదు.