నీళ్ల ఉత్తరంలో ప్రతివాది

వాల్వు బాబాయ్ చెయ్యి విరిచిన ఇనప కీ జిమ్ మాస్టరు చేతిలో ఉంది. ఆ చేతికి ఊపు ఇచ్చింది మాత్రం నేను రాసిన ఉత్తరం. ఈ మాట ముందు ఒప్పుకోకపోతే ఆయన గురించి రాసే అర్హత నాకు లేదు.

ఆయన మా వీధులకు నీళ్లు వదిలే లైన్‌మన్. యాభై ఆరేళ్లుంటాయి. ఎడమ చెవి వినబడదు, ఒకప్పుడు పైపు పగిలి ఆ పోటు చెవిలోనే తగిలింది. మనిషి ఎత్తు కీని రోడ్డు కింది గుంటలో వాల్వు మీద తగిలించి, దాని చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ చుట్లు లెక్కపెడతాడు. ఆయన ఒంటి మీద మచ్చలకు వీధుల పేర్లున్నాయి. కనుబొమ మీది గాటు బడి వీధిది, ఒక వేసవిలో బిందె విసిరారు. ముందు పళ్లు రెండూ మార్కెట్ లైన్లో పోయాయి. వీపు మీద వాతను ఎవరు పెట్టారో వాళ్లకే గుర్తులేదట. "నీళ్లు రాకపోతే మనుషులు ఎవరినో ఒకరిని కొట్టాలి కదమ్మా, దగ్గర్లో ఉండేది నేనే" అని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. దెబ్బలు తిని నవ్వే మనిషిని నేను నమ్మను. ముప్పై ఏళ్లు కోర్టులో టైపిస్టుగా చేశాను, నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్లో ముప్పై రెండు ఇళ్లు. రోజు విడిచి రోజు పొద్దున్న ఆరింటికి నీళ్లు వదలాలి. ఆ ఎండాకాలం ఏడున్నరకు, ఒక్కోరోజు పదింటికి వచ్చాయి. వచ్చినా సన్నటి ధార. సంపులో మోకాలి లోతు కూడా నిండేది కాదు. పై అంతస్తుల వాళ్లకు బకెట్లే దిక్కు. సంపు దగ్గర మూడో అంతస్తు టైలరు, నాలుగో అంతస్తు డ్రైవరు బకెట్ల వంతు కోసం కలబడితే టైలరు తల పగిలింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం మీటింగులో, మా అపార్ట్‌మెంట్లోనే ఉండే జిమ్ మాస్టరు కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. అందరూ అరిచి అరిచి అలిసిపోయాక నా వైపు తిరిగారు.

"అమ్మగారూ, నీళ్ల బోర్డుకు గట్టిగా ఒక లెటర్ రాయండి. వాళ్లకు వణుకు పుట్టాలి."

రాశాను. తేదీలు, వచ్చిన టైము, ఆగిన టైము, సంపులో ఎన్ని అంగుళాలు, అన్నీ వరుసగా పెట్టాను. అక్కడితో ఆపి ఉంటే అది మంచి ఉత్తరం. కానీ నా చేతి వేళ్లకు కోర్టు అలవాటు పోలేదు. ఎదుటి పక్షం పేరు లేని అర్జీ నాకు మొండెంలా కనబడుతుంది. అందుకని చివర ఇంకో పేరా చేర్చాను: లైన్‌మన్ ఒక వీధికి లాభం చేసేలా వాల్వు తిప్పుతున్నాడని మాకు గట్టి అనుమానం, విచారించి చర్య తీసుకోవాలి. ఆ అనుమానం ఎవరికీ లేదు. నాకూ లేదు. అర్జీ నిండుగా కనబడాలని రాశాను. ముప్పై రెండు సంతకాలు పడ్డాయి. సెక్షన్ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకుని, ఒక కాపీ లిఫ్టు పక్కన అంటించాను. బాగా రాశానని నాకు లోపల్లోపల మురిపెం.

బోర్డు ఇంజనీరు తర్వాతి నీళ్ల రోజున ఒత్తిడి కొలిచే గేజి తీసుకుని వస్తానన్నాడు. ఆయన రాకముందే వాల్వు బాబాయ్ వచ్చాడు, ఏడు దాటాక. నేను బాల్కనీలో ఉన్నాను. ఆయన నాలుగు చుట్లు తిప్పాడో లేదో జిమ్ మాస్టరు, డ్రైవరు గేటు దాటారు.

"పక్క వీధికి అమ్ముకుంటున్నావట. లెటర్లో ఉంది" అని జిమ్ మాస్టరు అరిచాడు.

"టైము మన చేతిలో లేదు సార్. కరెంటు పోయి పంపులు ఆగితే ఎత్తు ట్యాంకు నిండదు. అందులో మూడు మీటర్ల నీళ్లు చూపించందే నన్ను వాల్వు తియ్యనివ్వరు..."

మాట పూర్తికాలేదు. డ్రైవరు చొక్కా పట్టి ఈడ్చాడు. జిమ్ మాస్టరు కీ ఊడబెరికి, అడ్డం పెట్టిన కుడిచేతి మీద కొట్టాడు. కట్టె విరిగినట్టు చప్పుడు నాకు మొదటి అంతస్తులోకి వినిపించింది. రెండో దెబ్బ తల మీద. నేను మెట్లు ఎలా దిగానో తెలియదు. వెళ్లేసరికి వాళ్లు కీ పారేసి పక్కకు తప్పుకున్నారు. ఆయన గుంట పక్కన కూలబడి ఉన్నాడు, రక్తం కళ్లలోకి కారుతోంది.

"అమ్మగారూ, వాల్వు సగంలో ఉంది. నాకు చెయ్యి లేవట్లేదు. మీరు తిప్పండి."

"ముందు ఆస్పత్రికి పద."

"తిప్పండమ్మా. మెల్లగా. గబగబా తిప్పితే నీళ్లు ఒక్కసారి తన్ని పైపు పగిలిపోతుంది."

అరవై మూడేళ్ల వయసులో నేను ఆ కీ పట్టుకుని తిరిగాను. అది తడిగా ఉంది, నీళ్లతో కాదు. ఆయన కింద కూర్చుని లెక్కపెట్టాడు. పద్నాలుగుకు చాలన్నాడు. తర్వాతే ఆటో ఎక్కాడు. పోలీసు కేసు పెడతానంటే వద్దన్నాడు, రేపు మళ్లీ ఈ వీధిలోనే తిరగాలి కదా అని.

ఇంజనీరు ఎనిమిదికి వచ్చాడు. వీధి మొదట్లో ఇంటి కుళాయికి గేజి బిగిస్తే ముల్లు హుషారుగా లేచింది. సంపులోకి నీళ్లు పారుతుండగా మా గేటు కుళాయికి బిగిస్తే కదల్లేదు. మెయిన్ నుంచి మా మీటరు దాకా వచ్చే పైపు తవ్వి కోసి చూపించాడు. ఇరవై ఏళ్ల ఇనప పైపు, లోపలంతా తుప్పు పేరుకుని పెన్సిలు పట్టేంత సందు మిగిలింది. ఆ పైపు బోర్డుది కాదు, మాది. మార్చుకోమని వాల్వు బాబాయ్ మూడేళ్లుగా చెబుతున్నాడట. మా కమిటీ నీళ్లు నములుతూ కూర్చుంది.

"అయితే లైన్‌మన్ తప్పు లేదు కదా. ఆ పేరా కొట్టేస్తాను" అన్నాను.

"మీ లెటరుకు నంబరు పడిందమ్మా. విచారణ చెయ్యాలి."

విచారణ అంటే వాల్వు లాగ్ బుక్ తెరవడం. ఉత్తరం వచ్చేదాకా దాన్ని ఎవరూ తెరవరు. ప్రతి వీధికీ గంట. ఒక్క వీధికి మాత్రం రెండేళ్లుగా గంటాపావు రాసి ఉంది, పక్క వీధికి ముప్పావు. దాచలేదు, కలిపి రాయలేదు, ఉన్నదున్నట్టు ఆయన చేతిరాతలోనే ఉంది. ఎక్కువ నీళ్లు అందిన వీధి మాది.

కుడిచేతికి సిమెంటు కట్టుతో, మెమో పట్టుకుని ఆయన నా దగ్గరికే వచ్చాడు. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలి.

"మీరు బాగా రాస్తారటగా అమ్మగారూ."

"గడియారం సరిగ్గా లేదని రాస్తాను. పొరపాటని రాస్తాను. నువ్వు ఊరుకో."

"వద్దమ్మా. మీ పైపు సన్నం. గంటలో సంపు తడవదు. పావుగంట ఎక్కువ వదిలాను. అది జరిగింది, అదే రాయండి. పక్క వీధి వాళ్లకు తగ్గింది, అదీ రాయండి."

టైపు చేశాను. నా జీవితంలో అంత తప్పుల్లేని కాగితం లేదు, అంత అసహ్యంగా అనిపించిన కాగితమూ లేదు. సంతకం చెయ్యలేక ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. నెల తిరక్కుండా ఆయన్ని తీసేశారు.

పైపు మార్చడానికి కమిటీ ఇంకా మీటింగులు పెడుతూనే ఉంది. కొత్త లైన్‌మన్ గడియారం చూసి గంటకే కట్టేశాడు. సంపులో చీలమండ దాకా నీళ్లు. జిమ్ మాస్టరు బకెట్టుతో నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఈ కొత్తోడి మీద ఒక లెటర్ పడెయ్యండి. పాతాయన మీద రాసినట్టే, గట్టిగా."

కాలి చెప్పు తీసి అతని చెంప మీద కొట్టాను. రెండోసారీ కొట్టాను. అతను చెయ్యెత్తలేదు. మూడోసారి నేను చెప్పు ఎత్తేసరికి నాకు ఏడుపు వచ్చింది, ఆ చెప్పు ఎవరి మీద పడాలో నాకు తెలుసు కాబట్టి.